హైదరాబాద్‌లో 20 లీటర్ల వాటర్ క్యాన్ల మార్కెట్ ఎంత? కేస్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నను ఎలా విప్పాలి?

సన్నజాజి
అందరికీ నమస్కారం. ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. కన్సల్టింగ్ ప్లేస్‌మెంట్స్ దగ్గర పడుతున్నాయి. నిన్న సీనియర్ అక్క ఒకరు మాక్ కేస్ పెట్టి, "హైదరాబాద్‌లో 20 లీటర్ల వాటర్ క్యాన్ల మార్కెట్ సైజు చెప్పు" అన్నారు. నేను చేసింది ఇదీ: జనాభా కోటి, మనిషికి రోజుకు 2 లీటర్లు, అంటే రోజుకు 2 కోట్ల లీటర్లు. 20తో భాగిస్తే 10 లక్షల క్యాన్లు. క్యాన్ 25 రూపాయలు అనుకుంటే రోజుకు రెండున్నర కోట్లు, ఏడాదికి 912 కోట్లు. రెండు నిమిషాల్లో అయిపోయింది. అక్క విని, "లెక్కలో తప్పు లేదు, కానీ ఇది మార్కెట్ కాదు" అని ఊరుకున్నారు. ఆవిడకి వేరే కాల్ ఉండి వివరంగా మాట్లాడలేకపోయారు. ఎక్కడ తేడా వచ్చిందో, దీన్ని ఎలా కట్టుకురావాలో చెప్పగలరా?

లెక్కలపుట్ట
సింపుల్ అండీ. మార్కెట్ సైజింగ్‌లో వాళ్ళు నంబరు చూడరు, స్ట్రక్చర్ చూస్తారు. నువ్వు 500 కోట్లు చెప్పినా 5,000 కోట్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు. జనాభాను పేద, మధ్యతరగతి, ధనిక అని మూడు ముక్కలు చెయ్యి. ఒక్కోదాన్నీ మళ్ళీ వయసు ప్రకారం విడగొట్టు. ఏదీ రెండుసార్లు రాకూడదు, ఏదీ మిగిలిపోకూడదు. అంతే, పని అయిపోయింది. నేను ఆరు సెగ్మెంట్లకు తక్కువ ఎప్పుడూ పెట్టను.

ప్లాంట్ బాబాయ్
అమ్మా, ప్లాంటు పెట్టే ఆలోచన ఉంటే ముందు నాతో మాట్లాడు. కుత్బుల్లాపూర్ వైపు 9 ఏళ్ళుగా నడుపుతున్నాను. గంటకు వెయ్యి లీటర్ల మిషన్. అందరూ నీళ్ళే కదా, లాభమే లాభం అనుకుంటారు. బోరు ఎండితే ట్యాంకర్ తెప్పించుకోవాలి, మెంబ్రేన్లు మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి. పైగా లోపలికి పోసిన నీళ్ళలో సగం దాకా వేస్ట్ పైపులోంచి బయటికే పోతాయి. పక్క సందులో ఇంకొకడు పెట్టాడంటే రేటు 2 రూపాయలు దించాల్సిందే. ఏ ఏరియా అనుకుంటున్నావు?

సన్నజాజి
అయ్యో బాబాయ్ గారూ, ప్లాంటు పెట్టడానికి కాదండీ! ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న ఇది. కానీ మీ దగ్గర రోజుకు ఎన్ని క్యాన్లు పోతాయో చెప్తే నాకు పనికొస్తుంది.

ప్లాంట్ బాబాయ్
ఉద్యోగానికి నీళ్ళ క్యాన్ల లెక్కెందుకు అడుగుతారో నాకు తెలీదు గానీ, రాసుకో. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 500 దాకా పోతాయి. వానలు పడ్డాయంటే 200. ఏడాది మొత్తం కలిపి చూస్తే రోజుకు 300 అనుకో.

పాత నోటుబుక్కు
బాబాయ్ గారి 300 పక్కన పెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది.

నేను కొన్నేళ్ళు ఇంటర్వ్యూ టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నాను. సన్నజాజి గారూ, మీ 912 కోట్లు పనికిరాని నంబరేమీ కాదు. ఊరంతా తాగేనీళ్ళకు క్యాన్ల మీదే ఆధారపడితే ఎంతవుతుందో అది చెప్తుంది. అంటే అది పైకప్పు. అసలు అమ్మకం దాని కింద ఎక్కడో ఉంటుంది. క్యాన్ కొనేవాళ్ళు ఎవరు, కొననివాళ్ళు ఎవరు అన్న ప్రశ్నే మీ లెక్కలో లేదు. కేస్ అంతా ఉన్నది ఆ ప్రశ్నలోనే. మీ సీనియర్ అన్నది అదే అయి ఉంటుంది.

లెక్క మొదలుపెట్టే ముందు రెండు విషయాలు అడిగి తేల్చుకోండి. ఒకటి, మార్కెట్ అంటే క్యాన్ల సంఖ్యా, రూపాయలా. రెండోది ఇంకా ముఖ్యం: బ్రాండు పేరుతో సీల్ వేసి వచ్చే క్యాన్లు మాత్రమేనా, సందు చివరి ప్లాంటులో నింపి ఇచ్చేవి కూడా కలుస్తాయా? క్లయింటు బ్రాండెడ్ కంపెనీ అయితే మొదటిది, ప్లాంట్లకు మిషన్లు అమ్మేవాడైతే రెండోది. ఈ ఒక్క ప్రశ్నతో జవాబు మూడు నాలుగు రెట్లు మారిపోతుంది. నా ముందు కూర్చున్న వాళ్ళలో చాలామంది "హైదరాబాద్ అంటే జీహెచ్ఎంసీయేనా, శివార్లు కూడానా" అని అడిగేవారు, దీన్ని మాత్రం అడిగేవారు కాదు. సరిహద్దు ప్రశ్న అడగడం తప్పేమీ కాదు, కానీ దానివల్ల జవాబు మహా అయితే పదో పరకో శాతం కదులుతుంది.

మనం అన్ని క్యాన్లూ, రూపాయల్లో, ఏడాదికి అనుకుందాం.

తర్వాత ఒక నిమిషం టైం అడిగి, అంకెలు లేకుండా చెట్టు గీయండి. క్యాన్ ఎక్కడ దిగుతుంది? ఇంట్లో, పనిచేసే చోట, హాస్టల్లో. పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు ఉన్నాయి గానీ అవి చిన్నవి. "వీటిని వదిలేస్తున్నాను, అవసరమైతే చివర్లో చూస్తాను" అని నోటితో చెప్పి వదిలేయండి. ఇళ్ళ కొమ్మకు: ఇళ్ళ సంఖ్య × క్యాన్ కొనే ఇళ్ళ శాతం × ఇంటికి ఏడాదికి క్యాన్లు × క్యాన్ ధర. మిగతా రెండు కొమ్మలకు ఇళ్ళ బదులు మనుషులు వస్తారు. కాగితాన్ని ఇంటర్వ్యూయర్ వైపు తిప్పి ఈ చెట్టు చూపించి, "ఇలా వెళ్దామనుకుంటున్నాను, సరేనా" అని అడగండి. అంకెలు ఆ తర్వాతే.

లెక్కలపుట్ట గారూ, రెండుసార్లు రాకూడదన్నది నిజం. వయసు ప్రకారం విడగొట్టడం మాత్రం ఇక్కడ దండగ. ఒకే ఇంట్లో తాతా మనవడూ తాగేది ఒకే క్యాన్. కొనే తీరు ఎక్కడ మారుతుందో అక్కడే విడగొట్టాలి.

లెక్కలపుట్ట
సరే, వయసు వదిలేద్దాం. ఆఫీసుల కొమ్మ నేను నింపుతాను. కోటి జనంలో పనిచేసేవాళ్ళు 40 లక్షలు. వాళ్ళలో సగం మంది క్యాన్ పెట్టే చోట పనిచేస్తారు, 20 లక్షలు. మనిషికి 2 లీటర్లు. రోజుకు 40 లక్షల లీటర్లు, అంటే 2 లక్షల క్యాన్లు. 300 పనిరోజులు, 6 కోట్ల క్యాన్లు. ఆఫీసులవాళ్ళు కొంత బ్రాండ్ తీసుకుంటారు కాబట్టి 40 రూపాయలు వేస్తే 240 కోట్లు. చూశారా, ఆఫీసులే పెద్ద మార్కెట్.

పాత నోటుబుక్కు
దారి బాగుంది. 20 లక్షలు కూడా ఒప్పుకుంటాను, ఎందుకంటే డ్రైవర్లు, మేస్త్రీలు, సొంత ఆర్వో ఉన్న పెద్ద ఆఫీసులు బయటికి పోతాయి. కానీ ఆ 2 లీటర్లు మనిషి రోజంతా తాగేవి. పొద్దున్నా రాత్రీ ఇంట్లో తాగేది ఇళ్ళ కొమ్మలో వచ్చేసింది కదా. ఆఫీసులో ఒక లీటరు చాలు. అప్పుడు లక్ష క్యాన్లు, ఏడాదికి 3 కోట్లు, రూపాయల్లో 120 కోట్లు. రెండుసార్లు లెక్కపెట్టడం అన్నిసార్లూ సెగ్మెంట్ల పేర్లలో కనపడదు. ఇలా లీటర్లలో దాక్కుంటుంది.

ఇప్పుడు ఇళ్ళు. 2011 జనాభా లెక్కల్లో నగరం 67, 68 లక్షలు. ఇప్పుడు కోటి అనుకోవడం ఎవరూ కాదనరు. ఇంటికి నలుగురు, 25 లక్షల ఇళ్ళు. క్యాన్ కొనే శాతం దగ్గర ఆగండి. "30 శాతం అనుకుంటున్నాను" అని ఊరికే అనేస్తే ఎక్కడిదని అడుగుతారు. ఒక ఇంటికి తాగేనీళ్ళకు ఉన్న దారులేంటో చెప్పండి. కుళాయి నీళ్ళు పట్టుకుని కాచుకోవడమో వడకట్టుకోవడమో ఒకటి. ఇంట్లో ప్యూరిఫయర్ ఒకటి. క్యాన్ ఒకటి. జలమండలి 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది కాబట్టి మొదటి గుంపును తీసిపారేయలేం. సొంత ఇల్లు ఉన్నవాళ్ళు ఎక్కువగా ప్యూరిఫయర్ వైపు పోతారు. అద్దెకుండేవాళ్ళు, తరచూ ఇల్లు మారేవాళ్ళు, బోరునీళ్ళ అపార్ట్‌మెంట్ల వాళ్ళు క్యాన్ వైపు. మూడూ దాదాపు సమానంగా పంచుకుంటున్నాయని మొదలుపెట్టి, కాస్త తగ్గించి 30 శాతం. ఇది ఊహే. కానీ దానికి ఒక కారణం ఉంది, ఎదుటివాళ్ళు దాన్ని పట్టుకుని వాదించవచ్చు. వాళ్ళకు కావలసింది అదే.

30 శాతం అంటే 7.5 లక్షల ఇళ్ళు. తాగడానికీ వంటకీ కలిపి రోజుకు 10 లీటర్లు, అంటే రెండు రోజులకో క్యాన్. నెలకు 15, ఏడాదికి 180. మొత్తం 13.5 కోట్ల క్యాన్లు, 25 రూపాయల చొప్పున 337 కోట్లు.

హాస్టళ్ళు: 5 లక్షల మంది, అందులో సగం క్యాన్ నీళ్ళు, 2 లీటర్లు. రోజుకు 25 వేల క్యాన్లు, ఏడాదికి 90 లక్షలు. క్యాన్ 20 రూపాయలు. 18 కోట్లు. దీని మీద ఇంతకన్నా టైం పెట్టకండి.

అన్నీ కలిపితే 475 కోట్లు.

డల్లాస్ దోసె
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను అమెరికాలో ఇంటర్వ్యూలు ఇచ్చాను. అక్కడ లక్షలు, కోట్లు నడవవు, మిలియన్లలోనే చెప్పాలి. మనం మనసులో లక్షల్లో లెక్కేసి నోటితో మిలియన్లు చెప్పేసరికి ఒక సున్నా ఎగిరిపోతుంది. అలా ఎగిరిపోయి ఇంటికొచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఇక్కడ ఇదే కేస్ అడిగితే క్యాన్ 5 గ్యాలన్లది, దాదాపు 19 లీటర్లు. ఇంటికి రెండున్నర మంది. నలుగురు అనేశారంటే అక్కడే దొరికిపోతారు.

పాత నోటుబుక్కు
ఇండియా ఆఫీసుల్లో కోట్లు నడుస్తాయి. అయినా ముందే "కోట్లలో చెప్పనా" అని అడగడం మంచిది. సున్నాల సంగతి: 7,50,000 అని రాయకండి. "7.5 లక్షలు × 180" అని రాసి, 7.5 × 180 = 1,350 చేసి, పక్కన లక్షలు అని తగిలించండి. 1,350 లక్షలు, అంటే 13.5 కోట్లు. అంకె వేరు, లక్ష వేరు. సున్నాలు కాగితం మీదకే రావు, ఇక ఎగిరిపోవడానికి ఏముంది?

సన్నజాజి
చాలా స్పష్టంగా ఉంది. అయితే చివర్లో ఇలా చెప్పనా: "ముందుగా నేను నగరాన్ని ఇళ్ళు, ఆఫీసులు, హాస్టళ్ళుగా విడగొట్టాను. ఇళ్ళు 25 లక్షలు. వాటిలో 30 శాతం క్యాన్లు కొంటాయి. ఒక్కో ఇంటికి ఏడాదికి 180..." ఇలా మొత్తం చెప్పుకుంటూ వచ్చి 475 కోట్లు అని ముగిస్తే సరిపోతుందా?

పాత నోటుబుక్కు
వద్దు. వాళ్ళు పదిహేను నిమిషాలుగా మీ పక్కనే కూర్చుని ఇదంతా చూశారు. కథ మళ్ళీ వినిపిస్తే టెన్షన్ మీకు, విసుగు వాళ్ళకు. జవాబు ముందు పెట్టండి. నేనైతే ఇలా చెప్తాను:

"హైదరాబాద్‌లో 20 లీటర్ల క్యాన్ల అమ్మకం ఏడాదికి సుమారు 475 కోట్ల రూపాయలు ఉంటుందని నా అంచనా. అందులో దాదాపు 70 శాతం ఇళ్ళదే, పాతిక శాతం ఆఫీసులది. నాకు అన్నిటికన్నా తక్కువ నమ్మకం ఉన్న అంకె, క్యాన్ కొనే ఇళ్ళు 30 శాతం అన్నది. అది 20 అయితే మార్కెట్ 360 కోట్లకు పడిపోతుంది, 40 అయితే దాదాపు 590 కోట్లు. ఈ అంకెను ప్లాంట్ల వైపు నుంచి సరిచూశాను."

అంతే, అర నిమిషం. ఆ చివరి వాక్యం కోసమే బాబాయ్ గారి 300 దాచిపెట్టమన్నాను. మన లెక్కలో ఏడాదికి 17.4 కోట్ల క్యాన్లు, రోజుకు 4.8 లక్షలు. ప్లాంటుకు 300 చొప్పున 1,600 ప్లాంట్లు కావాలి. 2020 ఎన్నికల నాటికి జీహెచ్ఎంసీలో 150 డివిజన్లు. డివిజన్‌కు పది, పదకొండు ప్లాంట్లు. మీ డివిజన్‌లో తిరిగి చూస్తే అది నమ్మేలా ఉందా? ఇదే లెక్క డివిజన్‌కు 100 ప్లాంట్లని తేల్చి ఉంటే ఎక్కడో పెద్ద తప్పు జరిగినట్టే. లెక్కలపుట్ట గారూ, 500 కోట్లకూ 5,000 కోట్లకూ తేడా లేదన్నారు చూశారా, 5,000 కోట్లంటే ఊరి మొత్తం పైకప్పుకి ఐదు రెట్లు. అది చెప్పిన మనిషిని రెండో రౌండుకు పిలవరు.

లెక్కలపుట్ట
ఐదు వేలు మాటవరసకన్నాను లెండి. కానీ నా పాయింట్ అలాగే ఉంది. 30 శాతమా 40 శాతమా అని కొట్టుకునే టైంలో ఇంకో సెగ్మెంట్ చేర్చొచ్చు. పెళ్ళిళ్ళను అంత తేలిగ్గా వదిలేయడం నాకు నచ్చలేదు. మాఘమాసంలో ఒక్క ఫంక్షన్ హాలుకే ఎన్ని క్యాన్లు దిగుతాయో చూశారా?

ప్లాంట్ బాబాయ్
ఇప్పుడు నాకు మీ లెక్క అర్థమైంది. ఫంక్షన్లకు పోతాయి గానీ ఈమధ్య చిన్న బాటిళ్ళు పెట్టేస్తున్నారు. క్యాన్లు వంటవాళ్ళ దగ్గరికే. అదలా ఉంచండి, మీరు ఇళ్ళకు వేసిన 25 రూపాయలు తప్పు. 25 అనేది ఆటోలో ఇంటికి తెచ్చి పైకి ఎక్కిస్తేనే. మా దగ్గర సగం మంది బండి మీద ఖాళీ క్యాన్ పెట్టుకుని వచ్చి నింపుకుపోతారు, వాళ్ళకు 10 రూపాయలే. మూడో అంతస్తుకు లిఫ్టు లేకపోతే కుర్రాడు ఇంకో 5 అడుగుతాడు, అది మాకు రాదు. సగటున నాకు చేతికొచ్చేది 17, 18 రూపాయలు.

సన్నజాజి
బాబాయ్ గారూ, ఇది చాలా విలువైన మాట. 17.5 వేస్తే ఇళ్ళ భాగం 337 నుంచి 236 కోట్లకు పడిపోతోంది! అయితే మనం బ్రాండెడ్ క్యాన్లను కూడా కలుపుకున్నాం కదా, మా పిన్ని వాళ్ళ గేటెడ్ కమ్యూనిటీలో ఒక్కోటి 90 రూపాయలు. క్యాన్ కొనే ఇళ్ళలో పదిట్లో ఒకటి బ్రాండెడ్ అనుకుంటే, 17.5లో 90 శాతం అంటే 15.75, దానికి 90లో పదో వంతు 9 కలిపితే 24.75. మళ్ళీ 25 దగ్గరికే వచ్చింది. అంటే ధర అలాగే ఉంచి, కారణం మాత్రం మార్చి చెప్పొచ్చా?

పాత నోటుబుక్కు
చెప్పొచ్చు. ఇప్పుడు ఒక పెద్ద విషయం కూడా బయటపడింది. ఇళ్ళకు పోయే క్యాన్లలో పదో వంతే అయినా, ఇళ్ళ రూపాయల్లో బ్రాండెడ్ వాటా మూడో వంతు దాటుతోంది. 75 వేల ఇళ్ళు × 180 × 90 అంటే 121 కోట్లు. క్లయింటు బ్రాండెడ్ కంపెనీ అయి, "ఇళ్ళలో నా మార్కెట్ ఎంత" అని అడిగితే జవాబు 337 కాదు, 121. అందుకే మొదట్లో ఆ ప్రశ్న అడగమన్నది.

నిజాంపేట అద్దెఇల్లు
ఆ పదిట్లో ఒకటి నాకు మింగుడు పడట్లేదు. నెలకు 15 క్యాన్లు, ఒక్కోటి 90 అంటే 1,350 రూపాయలు. ఏడాదికి 16 వేలు. నేను ప్యూరిఫయర్ కొన్నదే 14 వేలకు. అంత డబ్బు పెట్టగలిగేవాళ్ళు ఏడాది తిరక్కుండానే మిషన్ కొనేస్తారు. నేను అదే చేశాను.

సన్నజాజి
కానీ మా పిన్ని వాళ్ళు నాలుగేళ్ళుగా కొంటున్నారండీ. ఆర్వో నీళ్ళు సగం వృథా అవుతాయని, సర్వీసు వాడు చెప్పిన రోజు రాడని ఆవిడ మిషన్ వద్దంటారు.

పాత నోటుబుక్కు
ఇద్దరి మాటా కాదనలేను. బ్రాండెడ్ ఇళ్ళలో చాలావరకు తాగడానికే వాడతారు, వంటకు కుళాయి నీళ్ళే. అప్పుడు నెలకు 15 కాదు, 8 నుంచి 10. అలా చూస్తే ఖర్చు 800 దగ్గర ఆగుతుంది, కొనేవాళ్ళు ఉంటారు, కానీ 121 కోట్లు 70, 80కి దిగుతుంది. మొత్తం కూడా 430 దగ్గరికి వస్తుంది. ఇంటర్వ్యూలో అయితే నేను 475 దగ్గరే ఉండి, "బ్రాండెడ్ ఇళ్ళ వాడకం తక్కువైతే 40, 50 కోట్లు తగ్గొచ్చు" అని ఒక్క మాట చేరుస్తాను. దాన్నీ వేరే కొమ్మగా గీసి మళ్ళీ మొదలుపెట్టను.

లెక్కలపుట్ట
నేనైతే గీస్తాను. మొత్తంలో పాతిక శాతం దాకా ఉన్నదాన్ని ఒక్క మాటతో దాటేయడమేంటి? మీరే కదా, కొనే తీరు మారిన చోట విడగొట్టమన్నారు!

పాత నోటుబుక్కు
ముందే కనపడితే గీయాల్సిందే, ఒప్పుకుంటాను. చివరి మూడు నిమిషాల్లో కనపడితే గీయాలా వద్దా అన్నది ఎదుట కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది. నాతో పాటు ప్యానెల్‌లో కూర్చున్న ఒకాయన గీయమనేవారు. ఈ విషయంలో ఆయనకీ నాకూ ఎప్పుడూ పడలేదు.

ప్లాంట్ బాబాయ్
ఆ 75 వేల ఇళ్ళు ఏ ఏరియాల్లో ఉన్నాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండమ్మా. నేనూ సీల్ వేసి 60కి ఇస్తాను.